నౌహాకు దరువు కలిపిన రోజు

2023లో జనగామలో నాకు సొంత సౌండ్ సిస్టం షాపు ఉంది, ఇప్పటికీ నడుపుతున్నాను. మహబూబాబాద్ పెళ్లిళ్లకు, భూపాలపల్లి మీటింగులకు కూడా బాక్సులు పంపేవాణ్ని. ఆ యేడు మొహర్రం పదో రోజు, అంటే అషూరా నాడు, షియాల ఊరేగింపుకు మైకు కావాలని అబ్బాస్ చాచా వచ్చాడు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. ఊళ్లో వాళ్లవి కొద్ది ఇళ్లే.

"నౌహా నేనే చదువుత బేటా. గొంతు మీద జోరు పెట్టొద్దన్నడు డాక్టరు. ఆడోళ్లు వెనక నడుస్తరు, వాళ్లకు మాట ఇనబడాలె. గంతే," అన్నాడు. ప్రవక్త మనవడు హుస్సేన్‌ను, ఆయనవాళ్లను కర్బలాలో నీళ్లు కూడా దక్కనియ్యక చంపిన సంగతిని తలుచుకుని పాడే శోకగీతమే నౌహా.

నాది మహబూబాబాద్ దిక్కు గూడూరు దగ్గరి ఊరు. మొహర్రం అంటే మాకు పీర్ల పండుగ. డప్పులు కొడతారు, నిప్పుల గుండం చుట్టూ ఎగురుతారు. ఇదీ అదే అనుకున్నాను. ట్రాలీ ఆటోకు సీరియల్ లైట్లు చుట్టి, షాపు పేరుతో "మొహర్రం శుభాకాంక్షలు" అని ఫ్లెక్సీ కట్టి తీసుకుపోయాను. చాచా దాన్ని చదివి మెల్లగా విప్పి, మడిచి నా చేతికిచ్చాడు. "మాకు శుభం కాదు బేటా," అన్నాడు. లైట్లు నేనే తీసేశాను, కొంచెం గొణుక్కుంటూ.

అందరూ నల్లబట్టలు వేసుకున్నారు. కాళ్లకు చెప్పులు లేవు. పొద్దుటి నుంచి ఎవరూ ఏమీ తినలేదు. హుస్సేన్ జెండాకు గుర్తయిన అలం బయటికి రాగానే ఏడుపు మొదలైంది. చాచా ఒక చరణం చదివితే, మగవాళ్లు వరుసగా నిలబడి అరచేతులతో ఛాతీ మీద కొట్టుకుంటున్నారు. దాన్ని మాతం అంటారు.

మిక్సర్, అంటే గొంతును సరిచేసే బోర్డు, నా చేతిలో ఉంది. భజనలకు చేసినట్టే ఎకో పెంచి, డప్పు చప్పుళ్లు పలికించే రిథం ప్యాడ్ నుంచి సన్నగా దరువు కలిపాను. చాచా చరణం మధ్యలో ఆగిపోయాడు. చేతులు కూడా ఆగాయి.

"గిదేంది?"

"దరువు చాచా. ఉత్తగ చదివితే బోసిగ ఉంటదని."

"బంద్ చెయ్యి."

"మా దిక్కు పీర్లకు డప్పులు కొడ్తరు గద!"

"కొట్టనియ్యి, గది వాళ్ల మొక్కు. మాకు ఇయ్యాల ఇంట్ల మనిషి పోయినట్టు."

"మా ఇండ్లల్ల మనిషి పోతే గూడ డప్పు కొడ్తరు," అన్నాను.

చాచా మామూలుగానే జవాబిచ్చాడు. "మీకు గట్ల. మాకు ఛాతీ మీద పడే చెయ్యే చప్పుడు. ఇంకోటి వద్దు."

అంతమందిలో అనిపించుకున్నానని నాకు రోషం వచ్చింది. "అయితే మీరే చూస్కోండ్రి," అని ఆంప్లిఫయర్ ఆపేసి, ఆటో తిప్పుకుని వచ్చేశాను. ఆయన గొంతు సంగతి తెలిసీ వచ్చేశాను. సందు మలుపు దాకా ఆయన ఉత్తగొంతు వినిపించింది. వెనక వరుస ఆడవాళ్లకు వినపడాలని గట్టిగా ఎత్తుకుంటున్నాడు.

తర్వాత వాళ్ల పక్కింటి కిరాణా కొమురయ్య నా షాపుకొచ్చి అడిగాడు. "ఏందిర, ముసలాయన గొంతు పొయ్యేదాక ఒదిలేసి వస్తవా? చివరికి మాటే ఎల్లలే. మేము రేడియో బంద్ చేసి, ఇంటి కడప ముందల నడిచేటోళ్లకు నీళ్ల డ్రమ్ము పెట్టి నిలబడ్డం. నీకు పైసలిచ్చి పిలిస్తె గంత గూడ చేతగాలే!"

చాచా ఇంటికి పోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. గుసగుసలాగా మాట్లాడుతున్నాడు. తప్పయిందన్నాను. ఆయన దాన్ని పట్టించుకోకుండా, "చెహ్లుం వస్తుంది. అషూరాకు నలభయ్యో రోజు. ఊరేగింపు మళ్ల తీస్తం. నా తమ్ముని కొడుకు చదువుతడు. వస్తవా?" అన్నాడు.

"ఎట్ల ఉండాలెనో చెప్పు చాచా."

"చెప్పులిడిస్తె మంచిది, ఇడువకున్న ఏం కాదు. పక్కపొంటి నడువు. ఏడ్చేటోళ్ల ముంగట ఫోను పట్టకు. పండుగ ముబారకని అనకు. తెల్వకపోతే అడుగు, మాకు కోపం రాదు."

చెహ్లుం నాడు ఒక్క మైకు, రెండు బాక్సులు. ఎకో లేదు. నేను బాక్సులున్న బండిని చేత్తో తోస్తుంటే చాచా పక్కనే నడిచాడు. గుడి దగ్గరికి రాగానే నా చెయ్యి తట్టి, సౌండ్ తగ్గించమన్నట్టు సైగ చేశాడు. లోపల హారతి అవుతోంది. అప్పటికే గుడివాళ్లు తమ మైకు ఆపేశారు. చాచా తమ్ముని కొడుకు గొంతు, చేతుల చప్పుడు, గుడి గంట మాత్రమే మిగిలాయి. మలుపు తిరిగాక సౌండ్ మళ్లీ పెంచి, వెనక్కి పోయి చూశాను. ఆఖరి వరుసలో ఆడవాళ్లు చరణం అందుకుంటున్నారు.

చాచా మళ్లీ నౌహా చదవలేదు. ఆ గొంతు నేను తిరిగి తెచ్చివ్వలేను. బోసిగా ఉందని నేను అనుకున్న చోటనే వాళ్ల దుఃఖం ఉందని, నా పని దాన్ని నింపడం కాదు, వెనక వరుస దాకా చేర్చడమేనని ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు ఎవరు మైకు అడిగినా, ఎన్ని బాక్సులు కావాలని కాక, "ఏం పని మీద? ఏమేం వద్దు?" అని ముందు అడుగుతాను.