దొంగ జవాబు

పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లో భాష చెప్పే ఆయన్ని వెనకాల అందరూ డిటెక్టివ్ మాస్టారు అనేవారు. ఎవరైనా తుమ్మినా పక్కవాడికి సైగ చేశాడేమోనని వెనక్కి తిరిగి చూసే మనిషాయన. ఇంట్లో భార్య చక్కెర డబ్బా జరిపినా ఎందుకు జరిపావని ఆరా తీసేవాడు. ఆవిడ మాత్రం జవాబు చెప్పడం ఎప్పుడో మానేసింది, అదృష్టవంతురాలు.

చెల్లాచెదురుగా ఉన్న వాక్యాలను పేరాగా పేర్చే ప్రశ్నలు తయారుచేయడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. ఏదో ఒక పాత పేరా తీసుకుని, వాక్యాలు విడగొట్టి, తారుమారు చేసేవాడు. పరీక్ష పెట్టిన ప్రతిసారీ ఒక ఎర కూడా వేసేవాడు. స్టాఫ్ రూంలో తన సొరుగులో ఉంచే జవాబుల కాగితంలో ఒక్క ప్రశ్నకు కావాలనే తప్పు జవాబు రాసేవాడు. సొంతంగా ఆలోచించినవాళ్లు సరైనది పెడతారు, కాగితం దొంగచాటుగా చూసినవాళ్లు ఆ తప్పునే పెడతారు. దొరికినవాడి సీటు పోతుంది, అంతే.

ఈసారి దొరికింది అక్కయ్య. పగలంతా ఆసుపత్రి రిసెప్షన్లో కూర్చుని, సాయంత్రం బ్యాచ్‌కి వచ్చే ఆవిణ్ణి తరగతంతా అలాగే పిలిచేది. వచ్చే ఉద్యోగ పరీక్షతో వయసు దాటిపోతుంది, మళ్లీ రాయడానికి లేదు. ఫీజు కట్టే స్తోమత లేక, మార్కుల మీద వచ్చిన ఉచిత సీటులో చదువుకుంటోంది. అన్నీ సరిగ్గా రాసి, ఎర దగ్గర మాత్రం దొంగ జవాబే పెట్టింది. పైగా ఆ వారమే హాజరు పట్టీ ఇవ్వడానికి స్టాఫ్ రూంలోకి వచ్చి వెళ్లింది. మాస్టారికి ఇంకేం కావాలి?

డైరెక్టర్ ఎదుట నిలబెట్టారు. "ఒప్పేసుకుంటే గొడవ లేకుండా పంపించేస్తాం," అన్నాడు డైరెక్టర్, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

"ఏం ఒప్పుకోమంటారు సార్?" అంది అక్కయ్య. మొహం పాలిపోయింది కానీ గొంతు మాత్రం తొణకలేదు.

అంత ధీమా దొంగలకే ఉంటుందనుకున్నాడు మాస్టారు. ప్రశ్నపత్రం ముందుకు తోశాడు. "ఈ వరస ఎలా వచ్చిందో చెప్పమ్మా. చూసి రాసినవాళ్లు చెప్పలేరు."

ఆవిడ వాక్యాల మీద వేలు పెట్టింది. "'మా వీధి చివర ఒక గడియారాల మేస్త్రీ ఉండేవాడు.' ఇదే మొదలు సార్. మిగతావాటిలో 'అతను', 'అతని', 'అతన్నే' అని ఉంది, ఎవరో ముందు తెలియాలి కదా. 'ఆ తర్వాతే మూత విప్పేవాడు' అన్నది 'ఏ గడియారం ఇచ్చినా ముందు అతను చెవికి ఆనించుకుని వినేవాడు' అన్నదాని వెనకే రావాలి. 'అయినా జనం అతన్నే వెతుక్కుంటూ వచ్చేవారు' అనాలంటే దాని ముందు 'అతని దుకాణానికి బోర్డు లేదు' ఉండాలి. అంటే రెండు జతలు. విని విప్పడం ముందు పెట్టాను, బోర్డు సంగతి తర్వాత."

"బోర్డు సంగతే ముందు ఉండాలి," అన్నాడు మాస్టారు.

"ఎందుకు సార్?"

మాస్టారు ప్రశ్నపత్రం తనవైపు లాక్కున్నాడు. పాత పేరాలో అలాగే ఉంది, అందుకే. అంతకుమించి కారణం ఏమైనా ఉందా అని వెతికాడు. ఆవిడ వరసలో ఒకసారి చదివాడు, తన వరసలో ఒకసారి చదివాడు. ఏ 'అయినా' దిక్కులేకుండా పోలేదు, ఏ 'అతను' అనాథ కాలేదు. జతలు విడదీయనంతవరకు ఏది ముందు పెట్టినా పేరా నిలబడుతోంది. ఆవిడ వరసే ఇంకాస్త బాగా ముగుస్తోంది కూడా. అసలు పేరా తనకు ముందే తెలుసు కాబట్టి రెండో దారి కళ్లకు ఆనలేదు. తెలివైన ఎర వేశాననుకుని, సరైన జవాబునే తప్పుగా లెక్కగట్టాడు. ఎన్ని పరీక్షల్లో ఎంతమందిని ఇలా పంపించేశాడో.

"ఆవిడ చూడలేదు," అన్నాడు డైరెక్టర్‌తో. "రెండూ సరైనవే. తప్పు నాది."

"బాగుంది వరస," అని విసుక్కున్నాడు డైరెక్టర్. "సరే, వెళ్లి చదువుకోమ్మా."

అక్కయ్య నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. మాస్టారికి సిగ్గుగా ఉన్నా, పెద్ద పాపం తప్పిందని ఊపిరి పీల్చుకున్నాడు.

సెంటర్లో పెట్టిన తర్వాతి పరీక్ష పేపర్లు దిద్దుతూ అక్కయ్యది తీశాడు. ప్రతి జవాబు పక్కనా చిన్న అక్షరాలతో, ఏ వాక్యం దేనికెందుకు అతుకుతుందో రాసుకొచ్చింది. మిగతా సగం ప్రశ్నలు అసలు ముట్టుకోకుండానే వదిలేసింది. టైం చాలలేదు మరి.

మర్నాడు వరండాలో ఆపాడు. "కారణాలు ఎవరడిగారమ్మా? అవి రాస్తూ కూర్చుంటే అసలు పరీక్షలో ఏమైపోతావు?"

"అలవాటు చేసుకుంటున్నాను సార్," అంది ఆవిడ. "అక్కడ కూడా ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబుండాలి కదా."