ఏడు శనివారాల అతిథులు

పాడి గేదెని అమ్మి, ఖాళీగా ఉన్న గదికి బాత్రూమ్ కట్టించాను. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్న జనం ఊరంతా పోటెత్తుతున్నారు కదా. శుక్రవారం సాయంత్రం దిగితే గది, భోజనం, తెల్లారి దర్శనం, ఆ తర్వాత ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పూతరేకులు తియ్యడం నేనే దగ్గరుండి చూపిస్తాను. అదీ నా వ్యాపారం. అది పోతే అమ్ముకోడానికి ఇంకేం లేదు.

మొదట హైదరాబాద్ నుంచి భార్యాభర్తలు వచ్చేరు. ఫోన్లోనే రేటు చెప్పాను, ఆధార్ కాపీలు తీసుకున్నాను. ఏడు వారాలూ మీ ఇంట్లోనే దిగుతామన్నారు. సంతోషంతో నాకు ఏడుపొచ్చినంత పనైంది.

వెళ్లేటప్పుడు ఆవిడ డబ్బు తియ్యగానే మా అత్తగారు అడ్డం పడ్డారు. "మా ఇంట్లో అన్నం తిని డబ్బులిస్తారా? తప్పండీ!" అంటూ బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క చేతిలో పెట్టేరు. నేను నోరు తెరిచేలోపు ఆవిడ వంగి అత్తగారి కాళ్లకి దణ్ణం పెట్టేసింది. ఇంక ఏ మొహం పెట్టుకుని అడగను?

రెండో వారం అక్కనీ, బావనీ, వాళ్ల పిల్లల్నీ కూడా తీసుకొచ్చింది. స్వీటు ప్యాకెట్ పట్టుకుని, అత్తగారిని "పిన్నిగారూ!" అని పిలుస్తూ తిన్నగా వంటింట్లోకి వచ్చేసింది. అత్తగారు మురిసిపోయి, "ఇంతమందికి పెరుగెక్కడిదే? బంగారంలాంటి గేదెని అమ్మేశావు!" అని నా మీద విరుచుకుపడ్డారు.

పెరుగు కొనడానికి చెప్పులేసుకుంటూ వేళ్లు మడిచి లెక్కపెట్టాను. ఈ వారం పోనూ ఇంకా ఐదు శనివారాలున్నాయి.