మంగళవారం పూసిన పచ్చ రంగు

జహూర్ కళ్లు మూసుకుని కారు ఎడమ మడ్‌గార్డు మీద అరచేయి నడిపిస్తున్నాడు. సొట్ట ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో ఆయనకు కంటికన్నా చేయే బాగా చెబుతుంది. కామారెడ్డిలో పాతికేళ్లుగా బండ్ల సొట్టలు తీసే డెంటింగ్ పని చేస్తున్నాడు. నేర్పినవాళ్లు లేరు. ఎన్నో రేకులు చెడగొట్టుకుని నేర్చుకున్నాడు.

ఆయన వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు. ఎల్లారెడ్డిలో బీడీ ఆకు వ్యాపారం చేసే మార్కండేయ ఒకరు. తెల్ల అంబాసిడర్ ఆయనదే. రెండోవాడు షెడ్డు యజమాని నర్సింహులు. బ్రేకులు బాగు చేయమని సోమవారం బండి అప్పజెప్పి వెళ్లిన మార్కండేయ శనివారం వచ్చి చూస్తే మడ్‌గార్డు లోపలికి పోయి ఉంది.

"గిది నువ్వు తెచ్చిననాడే ఉన్నది సేట్," అన్నాడు నర్సింహులు.

"ఉంటే చీటీల ఎందుకు రాయలే? బ్రేకులు అని ఒక్క మాటనే రాసినవ్."

"సొట్టలన్నీ రాసుకుంట కూసుంటే పని ఎప్పుడు చేయాలె?"

జహూర్‌ను చూడమందామని ఇద్దరూ ఒప్పుకున్నారు కానీ, ఇద్దరికీ ఆయన మీద నమ్మకం లేదు. జహూర్ రేకులు కొట్టుకునే మూల నర్సింహులు షెడ్డులోనిదే. వచ్చే పనిలో ముప్పాతిక ఆ షెడ్డు నుంచే వస్తుంది. ఆ మూల పోతే ఈ వయసులో సామాను ఎక్కడ దించుకోవాలో ఆయనకు తెలియదు.

"ఇద్దరూ ఒక్క కుండల చాయ్ తాగెటోళ్లు. ఏం చెప్తవో నాకెరుకే," అన్నాడు మార్కండేయ.

జహూర్ మోకాళ్ల మీద కూర్చుని మడ్‌గార్డు మడతను వేలితో గీకాడు. తుప్పు లేదు. పాత దెబ్బయితే వానాకాలంలో అయిదు రోజులకే ఎర్రబారుతుంది. మడత లోతులో పచ్చటి పొట్టు గోటికి అంటుకుంది. దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు.

షెడ్డు వాకిట్లో నీళ్ల గొట్టం ఉంది. లారీకి పూయగా మిగిలిన పచ్చ రంగును మంగళవారం దానికి పూసింది తనే. బుధవారం పొద్దున ట్రాక్టరు పని మీద బీర్కూర్ పోయి, నిన్ననే తిరిగి వచ్చాడు.

"నర్సింహులన్నా, బ్రేకు షూలకు కొత్త పట్టీలు వేయించనీకి నిజామాబాద్ పంపినవ్ గదా?"

"పంపిన."

"షూలు లేకుంటే హ్యాండు బ్రేకు గూడ పట్టది. బండి పక్కకు ఎట్ల జరిపినవ్?"

నర్సింహులు చూపు తిప్పుకున్నాడు. "లారీ లోపలికి రావాలె. చక్రాలు బిగించి నెట్టినం. రాయి పెట్టినం."

"చక్రాలకు అడ్డం పెట్టె కట్టె దిమ్మలు?"

"అవి లారీ కిందున్నయ్."

వాకిలి వాలుగా ఉంటుంది. జహూర్ లేచి గొట్టం దగ్గరికి నడిచాడు. మోకాలంత ఎత్తులో రంగు లేచిపోయి, అక్కడ తెల్ల చార ఉంది. దాని మీద మట్టి పూసి ఉంది. ఆయన దాన్ని గుడ్డతో తుడిచాడు.

"మడతల దొరికిన ఈ రంగు నేను మంగళవారం పూసిన. బండి సోమవారం వచ్చింది. ఇంతకంటె నేను చెప్పేది లేదు."

నర్సింహులు గోడ మీది బోర్డు చూపించాడు. బండ్లు యజమానుల పూచీ మీదనే ఉంచబడును అని ఉంది అందులో.

"వకీలును అడిగే వచ్చిన," అన్నాడు మార్కండేయ. "రిపేరుకు తీసుకున్నోడు సొంత సొమ్ము లెక్క చూసుకోవాలెనట. దెబ్బ తగిలితే, జాగ్రత్తగ చూసిన్నని చూపించుకోవాల్సింది నువ్వేనట. బోర్డు రాసుకుంటె అజాగ్రత్త మాఫీ కాదట. నా ఇన్సూరెన్సు ఎదుటోళ్ల నష్టానికే పనికొస్తది, నా బండికి రాదు."

"రాయి జారితే నేనేం చేయాలె?"

"నీ సొంత కారైతే రాయి పెట్టి పోతువా అన్నా?" అడిగాడు జహూర్.

నర్సింహులు ఆయన వైపు చూశాడు. ఆ చూపులో మూల ఖాళీ చేయమనే మాట ఉందా లేదా అన్నది జహూర్‌కు అంతుపట్టలేదు. నర్సింహులు, "రేకు, రంగు నా లెక్కల చెయ్," అని లోపలికి పోయాడు.

జహూర్‌కు నాలుగు రోజులు పట్టింది. వెనక నుంచి ఇనప దిమ్మతో రేకును మెల్లగా లేపి, ముందు చిన్న సుత్తితో సాపు చేశాడు. లప్పం పెట్టి లోతు పూడ్చేస్తే ఒక్క రోజు పని. ఆయన అలా చేయలేదు. ఆఖరున పలుచగా లప్పం పూత, గరుకు నీటి కాగితంతో రుద్దడం, రంగు.

బుధవారం మార్కండేయ జేబులో అయస్కాంతం వేసుకుని వచ్చాడు. లప్పం మందంగా ఉన్న చోట అయస్కాంతం అంటుకోదు. దాన్ని సగం బయటికి తీసి ఆయన మొహమాటపడుతుంటే, జహూర్ తన డబ్బాలోంచి అంతకంటె చిన్నది తీసి ఇచ్చాడు.

"ఇది పెట్టు సేట్. నీది పెద్దది, పూత మందమున్నా పట్టుకుంటది."

మార్కండేయ మడ్‌గార్డు పొడుగునా పెట్టి చూశాడు. అన్ని చోట్లా టక్కున అతుక్కుంది.

జహూర్ వెనక తలుపు మీది పాత సొట్ట చుట్టూ సుద్దతో గీత గీశాడు. "ఇది నీదే, మునుపటిది. ముట్టలే. చూసుకున్నవా?"

"చూసిన."

షెడ్డులోంచి నర్సింహులు రెండు కొత్త కట్టె దిమ్మలు తెచ్చి జహూర్ మూలలోనే పెట్టాడు. జహూర్ చేతులు తుడుచుకుని, బండి తాళంచెవి మార్కండేయ చేతిలో పెట్టాడు.