పేరు పెట్టి వదిలేసిన రూట్ టేబుల్

నేను కథలల్లుతానని వికారాబాద్ నుంచి తాండూరు దాకా రైల్లో తెలియనివాళ్లు లేరు. అనంతగిరి గుట్టల్లో చిరుతపులికి బీడీ ముట్టించానని చెప్పింది నేనే. అయితే మాత్రం, నిజం చెప్పినరోజు కూడా నమ్మరా?

తాండూరులో ఒక నాపరాళ్ల ఫ్యాక్టరీకి కంప్యూటర్లు చూస్తాను. మా క్లౌడ్ సర్వర్‌ను హైదరాబాద్ ఇంజనీరొకడు భద్రత పేరుతో, బయటినుంచి నేరుగా అందని ప్రైవేట్ సబ్‌నెట్‌లోకి మార్చాడు. మర్నాడు పొద్దున మా స్క్రీన్లన్నీ తెరుచుకున్నాయి, సరుకు లారీ రోడ్డెక్కాలంటే ఉండాల్సిన ఈ-వే బిల్లు మాత్రం రాలేదు. ఆ బిల్లులిచ్చే ప్రభుత్వ పోర్టల్‌ను మా సర్వర్ అందుకోవడం లేదు. చేత్తో కొడదామంటే, పోర్టల్ పాస్‌వర్డ్ ఆ మహానుభావుడు మాకిచ్చిన పాపాన పోలేదు.

షోలాపూర్ లోడుతో లారీ గేటు దగ్గర ఆగిపోయింది. దాని డ్రైవర్, పక్కనున్న యాలాల్ ఊరివాడు, నా కుర్చీ పక్కకొచ్చాడు.

“సాబ్, రేపు పొద్దుగాల బిడ్డకు మంగ్నీ, పిల్లగానోళ్లొచ్చి లగ్గం ఖాయం చేస్తరు. గిప్పుడు పోతెనే మల్లొస్త.”

ఇంజనీరు స్పీకర్ ఫోనులో మా ఫ్యాక్టరీ యజమాని సేటుతో అన్నాడు: “సెక్యూరిటీ గ్రూప్‌లో ఇన్‌బౌండ్ అంతా ఓపెన్ చేసిన. ఇంకా రాకుంటే మీ తాండూరు నెట్టే బాగలేదు.”

ఒళ్లు మండింది. బయటికి పోవాల్సిన సర్వర్‌కు లోపలికొచ్చే తలుపు తెరిచి ఏం లాభం? సర్వర్‌కు కాపలా కాసే ఆ సెక్యూరిటీ గ్రూప్‌లో బయటికెళ్లే రూల్ ముందునుంచీ తెరిచే ఉంది. వెళ్లిన దానికి జవాబును సెక్యూరిటీ గ్రూప్ తనంతట తానే రానిస్తుంది.

క్లౌడ్ కన్సోల్ తెరిచి చూశాను. పబ్లిక్ సబ్‌నెట్‌లో, లోపలి సర్వర్లను బయటికి పంపే వాకిలి లాంటి నాట్ గేట్‌వే ఉంది. దానికి దారి చూపే పట్టిక, రూట్ టేబుల్ కూడా చేసి, ‘తాండూరు ప్రైవేట్’ అని పేరు పెట్టాడు. ఆ సబ్‌నెట్‌కు దాన్ని జోడించడం మరిచాడు. సబ్‌నెట్ ఇంకా మెయిన్ టేబుల్‌నే పట్టుకుని ఉంది. అందులో లోపలి దారి తప్ప వేరేది లేదు. మా స్క్రీన్లు పబ్లిక్ సబ్‌నెట్‌లోని మధ్యవర్తి సర్వర్ గుండా వస్తాయి గనుక వాటికి అది చాలింది, పోర్టల్‌కు చాలలేదు. పేరు రాస్తే చాలనుకున్నాడు.

“సేట్, దారేసిండు, మన సబ్‌నెట్‌కు కలపలే. జోడిస్తే అయితది.”

సేటు నవ్వాడు. “చిరుతపులి చెప్పిందా?”

“నా కథలు వేరు, సేట్. గిది కథ కాదు.”

“ఇంజనీరు చూస్తుండు కద. నువ్వు ముట్టకు.”

డ్రైవర్ ఇద్దరివంకా చూసి, “సాబ్‌ని ఒకసారి చెయ్యనియ్యుండ్రి, సేట్. ఇంతకంటె ఏం చెడుతది?” అన్నాడు. సేటు చెయ్యి విదిలించాడు. దాన్ని అనుమతే అనుకున్నాను.

జోడించాను. కాసేపటికే బిల్లొచ్చింది. డ్రైవర్ ప్రింటు లాక్కుని లారీ వైపు పరుగెత్తాడు.

అంతలో సేటు ఫోన్ మోగింది. ఇంజనీరే, బిల్లు వచ్చింది అక్కడ్నుంచే చూసినట్టున్నాడు. “అయ్యింది కద సేట్. నేను ఇన్‌బౌండ్ ఓపెన్ చేసినందుకే వచ్చింది.”

“మొనగాడివి పో,” అన్నాడు సేటు అతడితో. నాకు మెచ్చుకోలు అక్కర్లేదు గాని, ఆ అబద్ధాన్ని ఎట్లా మింగేది? నా అబద్ధాలతో ఎవరి లారీ ఆగలేదు.

సేటు కళ్ల ముందే అతడు తెరిచిన ఇన్‌బౌండ్ రూల్ తీసేశాను. మా స్క్రీన్లకు కావలసిన పాత రూల్ ఒక్కటే ఉంచి, ఇంకో లారీకి బిల్లు కొట్టాను. అదీ వచ్చింది.

సేటు ఆ కాగితాన్ని తిప్పితిప్పి చూశాడు. తర్వాత ఫోనులో నెమ్మదిగా అడిగాడు. “అయ్యా, నువ్వు తెరిసింది మావోడు మూసిండు. మరి గీ బిల్లెట్లొచ్చింది?”