కొత్తావిడ మొదటి నెల

ఆ ఆసుపత్రి కింది అంతస్తులో, ఆపరేషన్లకు వాడిన పరికరాలను కడిగి, ఒక్కో ఆపరేషనుకు ఒక్కో సెట్టుగా కట్టి, ఆవిరితో శుద్ధి చేసి, మళ్ళీ పైకి పంపే విభాగం ఒకటుంది. దాని సూపర్‌వైజరును అందరూ కత్తెరక్క అంటారు. కళ్ళు మూసుకుని పట్టుకున్నా ఏ కత్తెర ఏ సెట్టుదో చెప్పేస్తుందని ఆ పేరు. ఇరవై రెండేళ్ళుగా ఆ పనే. చేత్తో ఎంత చేసి చూపమన్నా చూపుతుంది కానీ కాగితం ముందు పెడితే ఆమెకు ఊపిరాడదు.

అందుకే హెచ్చార్ ఆఫీసరు వచ్చి, "మేడమ్, సోమవారం మీకో కొత్తావిడ చేరుతోంది. ఆవిడ మొదటి నెల రోజువారీ షెడ్యూలు రాసివ్వండి. ట్రైనింగ్ ఎన్ని రోజులు, పక్కన నిలబడి చూడ్డం ఎన్ని రోజులు, సొంతంగా ఎన్ని సెట్లు, అంతా," అన్నప్పుడు ఆమె గతుక్కుమంది.

"ఇంతకుముందు ఎవరికీ ఇలా రాయలేదు కదండీ?"

"అందుకే ఇద్దరు మానేశారు మేడమ్."

ఆ మాట నిజమే. పోయిన ఏడాది చేరిన ఇద్దరూ రెండు నెలలు తిరక్కుండానే వెళ్ళిపోయారు. ఎందుకో కత్తెరక్కకు ఎవరూ చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు.

రెండు రోజులు కష్టపడి ఆమె ఒక షెడ్యూలు వేసింది. మొదటి వారం మొత్తం పాఠాలు. రెండో వారం అనుభవజ్ఞుల పక్కన నిలబడి చూడటం, ఒకరోజు పెద్దాయన దగ్గర, ఒకరోజు రాకెట్టు దగ్గర. పెద్దాయనకు రిటైరుమెంటు దగ్గర పడింది. రాకెట్టు అంటే ముప్పై ఏళ్ళమ్మాయి, ఆమె చేతివేగం చూసి పెట్టిన పేరు. మూడో వారం నుంచి రోజుకు ఆరు సెట్లు, నాలుగో వారంలో అందరిలాగే పన్నెండు. రాసిన కాగితాన్ని చూసుకుంటే తనకే ముచ్చటేసింది. అన్ని గళ్ళూ నిండాయి.

కొత్తావిడ నలభై దాటిన మనిషి. ఇదివరకు బట్టల కర్మాగారంలో కుట్లు సరిచూసే పని చేసేది. నెమ్మదిగా మాట్లాడుతుంది, ప్రతిదీ చిన్న నోటుబుక్కులో రాసుకుంటుంది. మొదటి వారం ఇంజెక్షను సూది గుచ్చుకుంటే ఏం చేయాలి, రసాయనాలు ఎలా కలపాలి, నిప్పంటుకుంటే ఏ మెట్ల దారిన బయటపడాలి, వేసుకోవాల్సిన టీకాలేమిటి, అన్నీ విన్నది. శుక్రవారం కత్తెరక్క, "గ్లోవ్స్, మాస్కు, ఏప్రను ఏ వరుసలో తీస్తావు?" అని అడిగితే నోటుబుక్కు తెరిచింది. వెతికింది. దొరకలేదు.

"విన్నానక్కా. ఇక్కడే ఎక్కడో రాసుకున్నాను."

రెండో వారం ఇంకా విచిత్రంగా నడిచింది. పెద్దాయన సెట్టు జాబితాలో ఉన్న వరుస ప్రకారం ఒక్కొక్క పరికరమే తీసి పెడతాడు. రాకెట్టు మొదట ఒకే రకానివి గుంపులుగా వేరు చేసి, ఆఖర్న జాబితాతో సరిచూస్తుంది. ఇద్దరి పద్ధతీ సరైనదే. కానీ కొత్తావిడ నోటుబుక్కులో ఒక పేజీ ఒక రకంగా, పక్క పేజీ ఇంకో రకంగా ఉంది. పైగా ఆ వారం ఆ ఇద్దరికీ తమ పన్నెండు సెట్లూ తప్పలేదు. చూపించడానికి తీరిక లేక, "చూస్తూ ఉండు, అదే వస్తుంది" అంటూ పని చేసుకుపోయారు.

పదిహేనో రోజు ఆమె సొంతంగా కట్టిన సెట్లలో ఒకటి కత్తెరక్క మళ్ళీ విప్పి చూసింది. కొత్తవాళ్ళు కట్టింది ఏదీ రెండో చూపు లేకుండా ఆవిరి యంత్రంలోకి వెళ్ళదని ఆమె మొదటినుంచీ పెట్టుకున్న నియమం. వంకర మొన ఉన్న ఫోర్సెప్స్, అంటే పటకార్ల లాంటివి, రెండుండాలి. ఒకటే ఉంది, రెండోది తిన్ననిది. లెక్క సరిపోయింది, రకం సరిపోలేదు. పైగా ఒక కత్తెర నోరు మూసి ఉంది. మూసి ఉంటే ఆవిరి లోపలికి పోదు.

కొత్తావిడ మొహం పాలిపోయింది. "నేను పనికిరానేమో అక్కా. ఒకరి దగ్గర ఒకలా నేర్చుకున్నా. ఎవరి మాట వినాలో తెలీలా."

కత్తెరక్కకు కోపం రావాలి. రాలేదు. తప్పు ఎవరిదో అర్థం కాలేదు. సాయంత్రం ఇంటికెళ్ళి కూర గిన్నె ముందు పెట్టుకుని అలాగే కూర్చుంది. భర్త డ్రైవింగు స్కూల్లో నేర్పుతాడు.

"ఏవండీ, మీ దగ్గర చేరినవాళ్ళు ఎన్నో రోజు రోడ్డెక్కుతారు?"

"మొదటి రోజే."

"పాఠం చెప్పకుండానే?"

"బ్రేకెక్కడో చెప్పి ఎక్కిస్తా. నా కాలి కింద కూడా ఒక బ్రేకుంటుంది కదా. మిగతా పాఠం వాళ్ళు ఏ మలుపు దగ్గర తడబడితే ఆ మలుపు దగ్గర చెబుతా."

ఇది విని ఆమె మరింత గందరగోళపడింది. అలాగైతే పాఠాలు వద్దా? మర్నాడు ఆసుపత్రిలో అంటురోగాలు పాకకుండా చూసే ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ దగ్గరకెళ్ళి, "ఇకమీద చేరేవాళ్ళకు మొదటి వారం పాఠాలు తీసేద్దామా?" అని అడిగింది.

"మురికి పరికరాలు కడిగే గదిలో కాలు పెట్టకముందు రక్షణ పాఠం అయి తీరాలి, టీకా కూడా మొదలవ్వాలి. అది నేను ఒప్పుకోను," అంది సిస్టరు. "మిగతావి నీ ఇష్టం."

అంటే కొన్ని ముందు, కొన్ని తర్వాత. ఏవి ఎప్పుడు? కత్తెరక్క రబ్బరు, పెన్సిలు తీసుకుని మిగిలిన రోజుల గళ్ళు చెరిపింది. ఇకనుంచి ఉదయం ఒక్కరి దగ్గరే, పెద్దాయన దగ్గరే, చూడటం. మధ్యాహ్నం అరగంట పాఠం, పొద్దున చూసినదాని మీదే. ఆ తర్వాత చూసినదాన్నే రెండు సెట్లకు చేయడం, పక్కనే పెద్దాయన. తప్పు లేకుండా రెండు రోజులు సాగితే ఇంకో సెట్టు, తప్పు దొర్లితే ఒక సెట్టు తగ్గించడం. రాకెట్టు పద్ధతి చివరి వారానికి, చూడటానికి మాత్రమే.

రాసేశాక ఆమెకు తట్టింది, పెద్దాయనకు పన్నెండు సెట్లుంటే ఆయన ఎప్పుడు చూపిస్తాడు? విభాగం రోజువారీ పనుల పట్టికలో ఆయన గడిలో ఎనిమిది అని దిద్దింది. మిగిలిన నాలుగూ రాకెట్టు రెండు, తను రెండు పంచుకున్నారు.

"నాకేంటక్కా శిక్ష?" అంది రాకెట్టు.

"నువ్వు చేరినప్పుడు నీ నాలుగు నేను కట్టా, గుర్తుందా?"

రాకెట్టు మూతి ముడిచింది కానీ కట్టింది.

ముప్ఫయ్యో రోజుకు కొత్తావిడ రోజుకు ఏడు సెట్లు కడుతోంది. ఎనిమిదికి పెంచిన రోజున ఒక తప్పు వచ్చింది, మళ్ళీ ఏడు. హెచ్చార్ ఆఫీసరు ఫారం పట్టుకొచ్చాడు.

"ప్లాన్ ప్రకారం పన్నెండు ఉండాలి కదా మేడమ్. ఏడని రాస్తే వెనకబడ్డట్టే."

"ఏడే కడుతోంది. పన్నెండని ఎలా రాయను?"

"ప్లాన్ మీరే రాశారు."

"అవునండీ. అప్పుడు నాకు తెలీదు. ఇప్పుడూ పూర్తిగా తెలుసని చెప్పలేను."

ఆయన తల గోక్కుని, ఏడు అని రాసుకుని, పక్కన 'గడువు పొడిగించాలి' అని చేర్చి వెళ్ళిపోయాడు. కొత్తావిడ మానేస్తుందేమోనని కత్తెరక్క ఆ వారమంతా తలుపు వైపు చూస్తూనే ఉంది. మానలేదు. తొమ్మిదో వారంలో పన్నెండు సెట్లు కట్టింది, ఒక్క తప్పూ లేకుండా.

అది తను దిద్దిన షెడ్యూలు వల్లనా, పెద్దాయన ఓపిక వల్లనా, లేక ఆవిడ మొండిపట్టు వల్లనా? కత్తెరక్కకు తేలలేదు. ఒకరోజు టీ తాగుతూ ఆవిడనే అడిగింది.

"నాకేం తెలుసక్కా," అంది కొత్తావిడ. "ఆ రెండు వారాలూ ఎవరినీ ఏదీ అడగాలనిపించలా. తర్వాత అడగాలనిపించింది. అంతే."

ఇంకో కొత్త మనిషికి షెడ్యూలు కావాలని ఆఫీసరు మళ్ళీ వచ్చినప్పుడు, ఆమె మొదటి రెండు వారాలే నింపి ఇచ్చింది. అన్నిటికంటే ముందు రక్షణ పాఠం, దాని పక్కనే నేర్పేవాళ్ళకు ఎన్ని సెట్లు తగ్గించాలో ఆ లెక్క. మిగతా గళ్ళు ఖాళీ.

"ఇవేంటి మేడమ్?"

"ఆ మనిషి ఎలా నేర్చుకుంటుందో చూశాక రాద్దామండీ," అంది. అన్నాక, అలా ఖాళీగా ఇవ్వడం సరైనదో కాదో తేల్చుకోలేక, ఆయన వెళ్ళేదాకా పెన్సిలు చేతిలోనే పట్టుకుని నిలబడింది.