ఒక నంబరు పెద్దవి

జమ్మలమడుగు దగ్గరి పల్లెలో ఫ్యాక్షన్ గొడవల్లో తమ్ముణ్ణి పోగొట్టుకుని, నా స్నేహితుడు ప్రొద్దుటూరుకు కాపురం మార్చాడు. అక్కడే అతనికి షుగరు బయటపడింది. డాక్టరు నడవమంటే, ఏ పనీ సగం చేయని మా వాడు పరుగెత్తుతానన్నాడు. మొదటిరోజు కాలేజీ మైదానానికి తోలు చెప్పులతో వచ్చాడు. చాలా ఏళ్లుగా అక్కడ పరుగెత్తే నేను నవ్వు ఆపుకోలేకపోయాను. పెళ్లికొచ్చినావా అని అడిగాను.

బూట్లు నేనే కొనిస్తానన్నాను. పొద్దున కొలిచిన కాలు సాయంత్రానికి కొంచెం ఉబ్బుతుంది. అందుకే సాయంత్రం వాళ్లింటికెళ్లి, పాత పేపరు మీద నిలబెట్టి పాదం చుట్టూ గీత గీశాను. వేళ్ల ముందు బొటనవేలంత ఖాళీ ఉండేట్టు చూసి ఎనిమిదో నంబరు తెచ్చాను. చెమట పట్టినా తడిసి ముద్దకాని మేజోళ్లు, కళ్లు తిరిగితే వేసుకోవడానికి గ్లూకోజు బిళ్లలు కూడా ఇచ్చాను. షుగరున్న కాలికి బొబ్బ లేచినా తెలియదు, రోజూ పాదాలు చూసుకోమన్నాను. అన్నిటికీ తల ఊపాడు.

బూట్లు కుదిరాయి గానీ పరుగు కుదరలేదు. నాలుగడుగులకోసారి వెనక్కి తిరిగి చూసేవాడు. ముందు చూసి పరుగెత్తమని ఎన్నిసార్లు చెప్పానో. తమ్ముణ్ణి చంపినవాడు కేసు కొట్టేయించుకుని ప్రొద్దుటూరులోనే తిరుగుతున్నాడు మరి.

ఎన్నికల ముందు రెండు వర్గాలూ ఒకే పార్టీలో చేరాయి. పార్టీ పెద్దలు ముద్దనూరులో మా వాణ్ణీ, తమ్ముణ్ణి చంపినవాణ్ణీ పక్కపక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టించారు. తర్వాత కొన్నాళ్లకు ఆ మనిషి కూడా మైదానానికి రావడం మొదలుపెట్టాడు, అతనూ చెప్పులతోనే.

ఒక సాయంత్రం స్నేహితుడు మా ఇంటికొచ్చి, తనకు తెచ్చినట్టే అతనికీ బూట్లు తెచ్చిపెట్టమన్నాడు. నా మీద నాకే అసహ్యం వేసేంత మామూలుగా, అయితే పాదం గీసుకుని రమ్మన్నాను.

"అక్కర్లేదులేప్పా. నాకంటే ఒక నంబరు పెద్దవి తీస్కో."

"నీకెట్ల తెలుసు?"

"తమ్ముడు పడిపోయిన పొద్దు మడి తడిగా ఉండె. వాని అడుగు పక్కన నా కాలు పెట్టి సూస్తి."

ఆ మాట చెప్పి, కాఫీలో చక్కెర వేయొద్దని లోపలున్న మా ఆవిడకు గుర్తుచేశాడు. నాకు కోపం రావలసింది, రాలేదు. ఏడుపూ రాలేదు. మరుసటిరోజు అంగడికి పోయి తొమ్మిదో నంబరు తెచ్చాను.

కొలిచి తెచ్చినట్టు సరిపోయాయి. ఆ మనిషి బాగున్నాయన్నా అని నాకే దండం పెట్టి, ముందు పరుగెత్తాడు. మా వాడు అతని వెనకాల పరుగెత్తాడు. ఆ రోజు ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.