గీత గీసిన సీసా

ఆళ్లగడ్డ బస్టాండు వెనక వీధిలో ఏలీయా మందుల షాపుకు మంచి పేరుండేది. ఆయన చేత్తో కలిపిన సీసా తాగితే పిల్లల జలుబు వారంలో పోతుందని. తాగకపోయినా జలుబు వారంలో పోతుంది. ఆ సంగతి ఏలీయాకూ తెలుసు. పేరు మాత్రం సీసాకు వచ్చింది.

అది యాంటీబయాటిక్ పొడి ఉన్న సీసా. ఇంట్లో తల్లులు నీళ్లు ఎక్కువో తక్కువో పోస్తారని ఏలీయా తానే షాపులో కాచి చల్లార్చిన నీళ్లు పోసి, గుప్పిట్లో పట్టుకుని గిలకొట్టి, రోజుకు ఎంత దిగాలో సీసా మీద నల్ల పెన్నుతో గీతలు గీసి ఇచ్చేవాడు. డాక్టరు చీటీ ఉందా అని అడిగేవాడు కాదు. పిల్ల ముక్కు కారుతోందా, గీత పడాల్సిందే. ఇరవై రెండేళ్లు అట్లా గీశాడు.

ఆ సీసాల్లో ఐదు దుర్గవి. దుర్గ అంకన్న కూతురు. అంకన్న నల్లమల అంచు గూడెం నుంచి వచ్చి, విగ్రహాలు చెక్కే షెడ్డులో పనికి కుదిరాడు. షెడ్డు షాపుకు ఎదురుగానే ఉంటుంది. రెండేళ్ల కిందట వానల్లో, అప్పుడు నాలుగేళ్ల పిల్లకు నాలుగుసార్లు పడిశం పట్టింది. నాలుగుసార్లూ సీసా. మూడో రోజుకు పిల్ల ఆడుకుంటే అంకన్న మిగతా మందు గూట్లో పెట్టేసేవాడు. ఐదోసారి పిల్లకు దగ్గు లేదు, జలుబు లేదు. చలిజ్వరం, ఒంటికి పోసేటప్పుడు మంటని ఏడుపు. అయినా ఏలీయా అదే సీసా గిలకొట్టాడు. మూడు రోజులైనా జ్వరం దిగలేదు. అప్పుడు భయపడి, అంకన్నతో పాటు తానే బస్సెక్కి పిల్లను నంద్యాలకు తీసుకుపోయాడు.

అక్కడ పిల్లల డాక్టరు వాణి మూత్రం పరీక్షకు పంపించింది. రెండు రోజులకు కాగితం వచ్చింది. మందుల పేర్ల పక్కన వరసగా ‘ఆర్’ అనే అక్షరం. ఈ క్రిమి ఆ మందులకు లొంగదని అర్థం. ఏలీయా గీతలు గీసిన మందు వరసలో మొదటిది.

“ఇదివరకు ఈ పాపకు యాంటీబయాటిక్ ఎవరిచ్చారు? ఎన్నిసార్లు?” అంది డాక్టరు.

అంకన్న సంతోషంగా చేయి చూపించాడు. “ఇదో, మా అన్నే మేడం. శానా మంచోడు.”

డాక్టరు ఏలీయాను పక్కకు పిలిచింది. “మీ మందు వల్లే ఇది వచ్చిందని నేను తేల్చి చెప్పలేను. కానీ అవసరం లేకుండా ఇచ్చిన ప్రతిసారీ ఒంట్లో మందుకు లొంగే క్రిములు చచ్చిపోతాయి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. రేపు నిజంగా అవసరం పడిన రోజు మందు పనిచేయదు. ఇప్పుడు జరిగింది అదేలా ఉంది.” అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఏడు రోజులు సూదులు వేస్తే దుర్గ కోలుకుంది. తిరిగి వచ్చే బస్సులో అంకన్న ఏలీయా చేతులు పట్టుకుని, “నువ్వు లేకుంటే నా పిల్ల లేదన్నా” అన్నాడు. ఏలీయా కిటికీలోంచి వరి పొలాలు చూస్తూ కూర్చున్నాడు. చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు.

ఆ తర్వాత షాపులో చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇవ్వడం మానేశాడు. కారణం అడిగితే, “ఇప్పుడు రూల్స్ గట్టిగా ఉండాయప్పా” అని తప్పించుకునేవాడు. ఆదివారం చర్చిలో మోకరించి కళ్లు మూసుకుంటే ఆ ‘ఆర్’ అక్షరాల వరస కనిపించేది. అంకన్న మాత్రం పని దిగాక వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని, ప్రతి రోజూ ఒక్కసారైనా “మా అన్న” అనేవాడు.

మొన్న కార్తీకంలో ఒక పొద్దున అంకన్న ఒంటి నిండా రాతి దుమ్ముతో పరుగున వచ్చాడు. భుజం మీద మూడేళ్ల కొడుకు హరి.

“అన్నా, బేగా ఆ సీసా కలుపు. నిన్నటి నుంచి కాలిపోతాండాడు. చీమిడి పచ్చగా వస్తాంది సూడు.”

ఏలీయా పిల్లాడి చొక్కా ఎత్తి, గోడ గడియారం చూస్తూ ఒక నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాడు. ముప్పై రెండు. నలభై లోపే, భయం లేదు. పక్కటెముకల కింద గుంటలు పడటం లేదు. పిల్లాడు అడిగి మరీ నీళ్లు తాగాడు, కౌంటరు మీది ముక్కుచుక్కల డబ్బా లాగి కింద పడేశాడు.

“ఇది జలుబే అంకన్నా. సీసా వద్దు.”

“వద్దా? ఏందన్నా అట్లంటావ్! దుడ్లు యాడికీ పోవు, సాయంత్రం ఇస్తా.”

“దుడ్ల మాట కాదు. ఆ మందు బ్యాక్టీరియా అనే క్రిమి చుట్టూ ఉండే గోడను పడగొడతాది. జలుబు తెచ్చేది వైరస్. దానికి ఆ గోడే లేదు.”

“గోడ లేకుంటే ఇంకా బేగా సావాల గదా!”

“నీ ఉలితో రాయి చెక్కుతావ్. పొగను చెక్కుతావా?”

అంకన్న తన చేతి మీది రాతి దుమ్ము చూసుకున్నాడు. అయినా ఒప్పుకోలేదు. “మరి ఆ పచ్చ చీమిడి?”

“ఒళ్లు పోరాడతాంటే ఆ రంగు వస్తాది. రంగును బట్టి మందు ఇయ్యరు.”

“దుర్గకు నాలుగు తూర్లు ఇచ్చినావు గదా! అప్పుడు లేని శాస్త్రం ఇప్పుడు యాడ నుంచి వచ్చె? షెడ్డు పక్క మందుల షాపోడు ఇస్తాడులే.” అంటూనే అంకన్న మెట్టు దిగాడు.

పోనిస్తే పోతాడు. తన గుట్టు తనతోనే ఉంటుంది. పిల్లాడి చెయ్యి తండ్రి భుజం మీంచి వేలాడుతోంది. ఏలీయా కౌంటరు దాటి బయటికి వచ్చాడు.

“అంకన్నా, నంద్యాలకు పోకముందు దుర్గకు నా మందు ఎందుకు పట్టలేదో తెలుసా? నా వల్ల అయ్యుండొచ్చు. ఆ నాలుగు తూర్లూ పిల్లకు ఉత్త జలుబే. ఇయ్యకూడదని తెలిసీ ఇచ్చినా. అడిగినోళ్లకు కాదంటే షాపు మారతారని ఇచ్చినా. డాక్టరమ్మ నాకు అప్పుడే చెప్పింది. నీకు నేను చెప్పలా.”

షెడ్డులో గ్రైండరు మోత ఆగింది. అంకన్న ముఖం మీద దుమ్ములో కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

“రెండేండ్లు,” అన్నాడు చివరికి. “రెండేండ్లు నీకు దండం పెడితి.”

ఏలీయా పిల్లాణ్ణి తూకం మీద నిలబెట్టాడు. బరువు చూసి జ్వరం సిరప్ ఎంత పట్టాలో చెప్పాడు. ముక్కులో ఉప్పునీటి చుక్కలు, రాత్రికి అర చెంచా తేనె. “ఊపిరి ఎగబీల్చినా, డొక్కలు లోపలికి పోయినా, నీళ్లు తాగకున్నా, మత్తుగా పండుకున్నా, ఎల్లుండికి జ్వరం దిగకున్నా నా దగ్గరికి రావద్దు. నేరుగా ఆస్పత్రికి పో. దగ్గు మాత్రం రెండు మూడు వారాలు ఉంటాది. దానికి భయపడొద్దు.”

అంకన్న సిరప్, చుక్కల డబ్బా తీసుకున్నాడు. షెడ్డు పక్కనున్న ఆ మందుల షాపు ముందు కాసేపు నిలబడ్డాడు. తర్వాత లోపలికి పోయాడో, సందులోకి తిరిగాడో, అడ్డంగా బస్సు రావడంతో ఏలీయాకు కనిపించలేదు. నాలుగు రోజులు ఎవరు మెట్టెక్కినా ఉలిక్కిపడ్డాడు.

ఐదో రోజు అంకన్న వచ్చాడు. స్టూలు లాక్కోలేదు.

“జొరం మూడో నాడే దిగింది. వేరే మందేమీ పట్టీలా. దగ్గుతాండాడు, ఆడుకుంటాండాడు.”

జేబులోంచి ఒక పాత సీసా తీసి కౌంటరు మీద పెట్టాడు. అడుగున పసుపు రంగు మందు గట్టిపడిపోయి ఉంది. పక్కన నల్ల పెన్ను గీతలు. దుర్గ రెండు గీతల మేర తాగింది, మూడు గీతల మేర మిగిలింది.

“ఆ పొద్దు ఇంటికి పోతే మా ఆడది ఇదే నీళ్లు పోసి కలిపి పట్టబోతాంది. పనికొస్తాదని గూట్లో దాచింటి గదా.” ఆ గీతల మీద వేలు పెట్టి అడిగాడు. “ఇట్లాంటివి ఇంకెన్ని ఇండ్లల్లో ఉండాయి?”

ఏలీయా దగ్గర లెక్క లేదు. “తెలీదు,” అన్నాడు.

“వచ్చినోళ్లను అడుగు మల్ల,” అని అంకన్న షెడ్డు వైపు నడిచాడు. ‘అన్నా’ అని మాత్రం అనలేదు.

ఆ మధ్యాహ్నం ఒక తల్లి దగ్గే పిల్లను ఎత్తుకుని వచ్చింది. ఏలీయా పిల్ల ఊపిరి లెక్కపెట్టాడు. తర్వాత రూల్స్ మాట ఎత్తకుండా, గీతలున్న ఆ సీసాను ఆమె ముందుకు జరిపాడు.

“అమ్మా, ఇట్లాంటిది మీ ఇంట్లో ఏమన్నా ఉందా? గీసింది నేనే.”